ఈసాప్స్: ఆ ఫారం మీద సంతకం మార్చిలో కాదు, ఏప్రిల్‌లో పెట్టండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక స్టార్టప్‌లో 2022 సెప్టెంబరు 1 నుంచి పనిచేస్తున్నాను. జీతం ఏడాదికి 30 లక్షలు. నాన్నగారి ఆరోగ్యం బాగాలేక 2026 జనవరి 31తో ఉద్యోగం మానేసి రాజమండ్రి వెళ్తున్నాను. 2027 ఏప్రిల్ దాకా మళ్లీ ఉద్యోగంలో చేరను. ఆఫర్ లెటర్‌లో 2,400 ఈసాప్స్ అని ఉంది, ఎక్సర్‌సైజ్ ధర 100 రూపాయలు. మొదటి ఏడాదికి పావు వంతు, తర్వాత మూడు నెలలకోసారి 150 చొప్పున వెస్ట్ అవుతాయి. నా లెక్కలో 1,950 వెస్ట్ అయ్యాయి, హెచ్‌ఆర్ 1,650 అంటున్నారు. 90 రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేయకపోతే పోతాయట. షేరు విలువ 850 కాబట్టి 3,86,100 ట్యాక్స్ కూడా కట్టాలట, మార్చి 31లోపు పూర్తి చేసెయ్యమంటున్నారు. స్టార్టప్ కదా, అమ్మినప్పుడే ట్యాక్స్ అని నా ఫ్రెండ్ అంటోంది. నేను దాచుకున్నది మొత్తం 7 లక్షలు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

ముందు ఒక్క మాట. మార్చిలో ఏ ఫారం మీదా సంతకం పెట్టకండి. కొనాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. కొనేటట్లయితే మాత్రం ఏప్రిల్ మొదటి వారం వరకు ఆగండి. ఇదే పని మార్చిలో చేస్తే మీ చేతి నుంచి అయిదున్నర లక్షలు పోతాయి, ఏప్రిల్‌లో చేస్తే లక్షా అరవై అయిదు వేలతో అయిపోతుంది. హెచ్‌ఆర్ వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల లెక్క మార్చికి సరైనదే. కానీ ఆ లెక్క మీకు వచ్చే ఏడాది జీతం ఉండదన్న సంగతి చూడలేదు.

ఈసాప్స్ అంటే కంపెనీ షేర్లను ముందే నిర్ణయించిన ధరకు కొనుక్కునే ఆప్షన్లు. వాటి మీద పన్ను ఎప్పుడు పడుతుందో తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. ఆప్షన్లు ఇచ్చిన రోజు పన్ను లేదు. అవి వెస్ట్ అయిన రోజు, అంటే కొనే హక్కు మీ చేతికి వచ్చిన రోజు కూడా లేదు. మీరు ఎక్సర్‌సైజ్ చేసి, అంటే డబ్బు కట్టి ఆప్షన్లను షేర్లుగా మార్చుకుని, ఆ షేర్లు మీ పేరున కేటాయించినప్పుడు పన్ను పడుతుంది. ఎక్సర్‌సైజ్ చేసిన రోజున షేరు విలువ ఎంతో చూసి, అందులోంచి మీరు కట్టిన ధర తీసేస్తారు. ఆ తేడా మీకు కంపెనీ ఇచ్చిన జీతం కిందే లెక్క. ఒక్క రూపాయి కూడా చేతికి రాకపోయినా అది జీతమే. మీ విషయంలో షేరుకి 850 లోంచి 100 పోతే 750. దాన్ని 1,650తో గుణిస్తే 12,37,500 రూపాయలు. షేర్లు ఏ ఆర్థిక సంవత్సరంలో మీ పేరున పడతాయో ఆ సంవత్సరం మీ ఆదాయంలో ఈ మొత్తం కలుస్తుంది.

మార్చిలో చేస్తే ఏమవుతుందో చూడండి. ఏప్రిల్ నుంచి జనవరి వరకు పది నెలల జీతం 25 లక్షలు వచ్చింది. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోతే 24,25,000. కొత్త పన్ను విధానంలో 24 లక్షలు దాటిన ప్రతి రూపాయికీ 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. అంటే ఈసాప్స్ వల్ల వచ్చిన 12,37,500 మొత్తం మీద 31.2 శాతం పడుతుంది. అదే ఆ 3,86,100. షేర్ల ధర 1,65,000 కలిపితే 5,51,100. మీ ఏడు లక్షల్లో మిగిలేది లక్షన్నర కూడా ఉండదు. ఆసుపత్రి ఖర్చులు ఎలా వస్తాయో తెలియని సమయంలో అది చేయకూడని పని.

ఇప్పుడు అదే ఏప్రిల్‌లో. 2026 ఏప్రిల్ 1తో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. ఆ ఏడాదంతా మీకు జీతం లేదు. ఈసాప్స్ వల్ల వచ్చిన 12,37,500 ఒక్కటే జీతం పద్దు కింద ఉంటుంది. అది జీతమే కాబట్టి దాని మీద కూడా 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది. మిగిలేది 11,62,500. కొత్త విధానంలో పన్ను వర్తించే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల కట్టాల్సిన పన్ను సున్నా. మీ దగ్గర నుంచి పోయేది షేర్ల ధర 1,65,000 మాత్రమే. తేదీ ఒక్కటి మార్చినందుకు 3,86,100 మిగిలింది. ఇందులో ఎగవేత ఏమీ లేదు. గడువులోపు ఎక్సర్‌సైజ్ చేసే రోజును ఎంచుకునే హక్కు మీదే.

మీ అదృష్టం కొద్దీ మీ 90 రోజులు మార్చి 31 దాటి వెళ్తున్నాయి. జనవరి 31 నుంచి లెక్కేస్తే మే 1 వరకు ఉన్నాయి. అయితే ఒక్క విషయం చూసుకోవాలి. కొన్ని కంపెనీల స్కీముల్లో ఈ గడువు చివరి పనిదినం నుంచి కాకుండా రాజీనామా లేఖ ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. మీరు నోటీసు పీరియడ్ రెండు నెలలు చేసి ఉంటే అప్పుడు గడువు మార్చి మొదటి వారంలోపే ముగుస్తుంది, నేను చెప్పిన లెక్కంతా ఎగిరిపోతుంది. అందుకే హెచ్‌ఆర్ నోటిమాట మీద ఆధారపడకుండా ఈసాప్ స్కీమ్ కాపీ అడిగి తీసుకోండి. గ్రాంట్ లెటర్ రెండు పేజీలు ఉంటుంది, స్కీమ్ ఇరవై ముప్పై పేజీల వేరే పత్రం. అసలు షరతులన్నీ అందులోనే ఉంటాయి. గడువు తక్కువగా ఉంటే పొడిగించమని అడగండి. ఉద్యోగం మానేశాక ఎన్ని రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేయాలన్నది చట్టం నిర్ణయించలేదు, కంపెనీకే వదిలేసింది. 90 రోజులన్నది అలవాటుగా వచ్చిన అంకె తప్ప చట్టంలో ఉన్నది కాదు. స్కీములో వీలుంటే బోర్డు దాన్ని ఏళ్లకు కూడా పెంచవచ్చు, అలా పెంచిన కంపెనీలు ఉన్నాయి. తండ్రి అనారోగ్యం వల్ల మానేస్తున్న ఉద్యోగి అడిగితే కాదనే వ్యవస్థాపకులు తక్కువే అని నా నమ్మకం.

పన్ను సున్నా అన్న మాట ఏ మేరకు నిలుస్తుందో కూడా చెప్పాలి. 11,62,500కి, 12 లక్షలకి మధ్య ఉన్నది 37,500 రూపాయలే. బ్యాంకు వడ్డీ కూడా ఆదాయమే. మీ ఏడు లక్షల్లో షేర్లకు పోగా మిగిలిన 5,35,000 ఏడు శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 37,450 వస్తుంది, అంటే సరిగ్గా గీత మీద నిలబడతారు. అయిదు వేలు దాటినా భయం లేదు, ఆ దాటిన మేరకే, అటూఇటూగా ఆ అయిదు వేలే పన్నుగా పోతాయి. అయితే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో బోనస్ లాంటిదేదైనా కంపెనీ ఏప్రిల్‌లో ప్రకటించి ఇస్తే అది కూడా ఈ లెక్కలోకి వచ్చి పడుతుంది. అందుకని సెటిల్‌మెంట్ మొత్తం మార్చిలోపే పూర్తి చేయమనండి, ఎక్సర్‌సైజ్ మాత్రం ఏప్రిల్‌లో చేస్తానని చెప్పండి. అలాగే మీ ప్లాన్ మారి అక్టోబరులో మళ్లీ ఉద్యోగంలో చేరితే ఆ జీతం కూడా ఇదే సంవత్సరంలో కలుస్తుంది, పన్ను మళ్లీ లక్షల్లోకి వెళ్తుంది. రాజమండ్రి నుంచే ఎవరికైనా కన్సల్టింగ్ చేసినా అంతే. సంతకం పెట్టే ముందు ఆ ఏడాది ఎలా గడుస్తుందో మరోసారి ఆలోచించుకోండి.

850 అన్న అంకె కూడా స్థిరం కాదు. లిస్ట్ కాని కంపెనీ షేరు విలువను సెబీ దగ్గర రిజిస్టర్ అయిన కేటగిరీ-1 మర్చంట్ బ్యాంకర్ నిర్ణయించాలి. ఆ విలువ లెక్కగట్టిన తేదీ మీరు ఎక్సర్‌సైజ్ చేసే రోజుకు 180 రోజులకు మించి పాతది కాకూడదు. ఇప్పుడున్న రిపోర్టు సెప్టెంబరుది అయితే ఏప్రిల్‌కి దాని పని అయిపోతుంది, కొత్త రిపోర్టు తెప్పించాలి. ఈలోగా కంపెనీకి కొత్త పెట్టుబడి వచ్చి విలువ 1,000 అయిందనుకుందాం. అప్పుడు షేరుకి తేడా 900. సున్నా పన్నులో ఉండాలంటే 12,37,500ని 900తో భాగించండి, 1,375 షేర్లు వస్తాయి. అంతవరకే కొనండి. వెస్ట్ అయినవన్నీ ఒకేసారి కొనాలని లేదు, కొంత భాగం కొనడానికి చాలా స్కీములు ఒప్పుకుంటాయి.

మీ ఫ్రెండ్ చెప్పింది పూర్తిగా తప్పు కాదు, కానీ మీకు వర్తించదు. 2020 బడ్జెట్‌లో స్టార్టప్ ఉద్యోగులకు ఒక వెసులుబాటు ఇచ్చారు. ఎక్సర్‌సైజ్ చేసిన వెంటనే పన్ను కట్టకుండా వాయిదా వేసుకోవచ్చు. షేర్లు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్లు గడవడం, ఆ షేర్లు అమ్మడం, ఉద్యోగం మానేయడం, ఈ మూడింట్లో ఏది ముందు జరిగితే దాని తర్వాత 14 రోజుల్లో కట్టాలి. ఆ మూడోది చదవండి. మీరు మానేస్తున్నారు. మీకు వాయిదా అన్నదే లేదు. పైగా ఇది ప్రతి స్టార్టప్‌కీ లేదు. స్టార్టప్‌గా కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ గుర్తింపు ఉన్న కంపెనీలు లక్షకు పైగానే ఉన్నాయి. ఈ వాయిదాకు ఆ గుర్తింపు ఒక్కటే చాలదు, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 80-ఐఏసీ కింద విడిగా ఇచ్చే ధ్రువపత్రం కావాలి. అది ఉన్నవి కొన్ని వేలే. మీ ఫ్రెండ్ ఇంకా అక్కడే పనిచేస్తుంటే ఆమె ముందు కంపెనీని అడగాల్సింది ఈ ధ్రువపత్రం ఉందా అని. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారతాయి, పాత నంబరు పట్టుకుని వెతికితే అయోమయం కలుగుతుంది.

ఇక 1,950కీ 1,650కీ మధ్య ఉన్న 300 సంగతి. మీరు చేరిన రోజు నుంచి లెక్కేశారు. హెచ్‌ఆర్ గ్రాంట్ తేదీ నుంచి లెక్కేశారు. 2023 ఫిబ్రవరి 10న మీకు గ్రాంట్ లెటర్ ఇచ్చి ఉంటే అంకెలు సరిగ్గా కుదురుతాయి. 2024 ఫిబ్రవరి 10న 600, తర్వాత 2025 నవంబరు 10 దాకా ఏడు విడతల్లో 150 చొప్పున 1,050, మొత్తం 1,650. మీ గ్రాంట్ లెటర్ తీసి తేదీ చూసుకోండి.

ఇంత తేడా ఎందుకు వస్తుందంటే, ఆఫర్ లెటర్‌లో ఈసాప్స్ అని రాసినంత మాత్రాన అవి పుట్టవు. కంపెనీల చట్టం ప్రకారం ముందు ఈసాప్ స్కీమును వాటాదారులు తీర్మానంతో ఆమోదించాలి. ఆ తర్వాత బోర్డు సమావేశమై ఎవరికి ఎన్ని, ఏ ధరకు అని గ్రాంట్ చేయాలి. అప్పుడు గ్రాంట్ లెటర్ వస్తుంది, దాన్ని మీరు ఒప్పుకుంటూ సంతకం చేస్తారు, మీ పేరు ఈసాప్ రిజిస్టరులో, అంటే ఎస్‌హెచ్-6 అనే ఫారంలో ఎక్కుతుంది. గ్రాంట్‌కీ మొదటి వెస్టింగ్‌కీ మధ్య కనీసం ఏడాది ఉండాలని చట్టమే చెబుతుంది. చాలా స్టార్టప్‌లలో బోర్డు ఈసాప్ గ్రాంట్ల కోసం ఏడాదికి రెండు మూడు సార్లే కూర్చుంటుంది. మీరు సెప్టెంబరులో చేరితే మీ వంతు ఫిబ్రవరిలో వచ్చింది. ఈ అయిదు నెలలు మీకు జరిగిన నష్టమే, కాదనను. ఆఫర్ లెటర్‌లో "చేరిన తేదీ నుంచి వెస్టింగ్" అని స్పష్టంగా రాసి ఉంటే మాత్రం అడగండి. గ్రాంట్ నుంచి ఏడాది దాటితే చాలు కాబట్టి, వెస్టింగ్ లెక్కను చేరిన తేదీకి వెనక్కి జరపడానికి చాలా స్కీముల్లో బోర్డుకు వీలుంటుంది. అలా రాసి లేకపోతే 1,650 దగ్గరే ఆగండి.

నేను కంపెనీ సెక్రటరీగా పనిచేసే రోజుల్లో చూసిన ఒక విషయం ఇక్కడ చెప్పాలి. ఒక కంపెనీలో పాత రికార్డులు సరిచేసే పని నాకు అప్పగించారు. ఒకతను మూడేళ్లు పనిచేసి మానేస్తూ, తన 3,000 ఆప్షన్ల కోసం వచ్చాడు. చేతిలో ఆఫర్ లెటర్ ప్రింటవుట్, దాని వెనక వ్యవస్థాపకుడు పంపిన అభినందన మెయిల్ పిన్ చేసి ఉన్నాయి. నేను ఎస్‌హెచ్-6 రిజిస్టరు తెరిచాను. 41 వరస సంఖ్యలున్నాయి, అతని పేరు లేదు. బోర్డు మినిట్స్ పుస్తకం తిరగేశాను. అతను చేరిన తర్వాత జరిగిన గ్రాంట్ తీర్మానం అనుబంధంలో కూడా లేదు. ఎవరో పంపిన ఎక్సెల్ షీటులో ఒక వరస జారిపోయింది, అంతే. ఎవరూ మోసం చేయలేదు, కానీ ఎవరూ చూసుకోలేదు. కొత్తగా గ్రాంట్ చేద్దామంటే అతను అప్పటికే ఉద్యోగి కాదు. చివరికి కొంత డబ్బు ఇచ్చి సర్దుబాటు చేశారు, కానీ అది అతనికి రావాల్సిన దానిలో చిన్న ముక్క. అతను కుర్చీలో కూర్చుని ఆ మెయిల్ ప్రింటవుట్ మడతపెట్టి మళ్లీ జేబులో పెట్టుకోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. 1,650 వెస్ట్ అయ్యాయని హెచ్‌ఆరే చెబుతున్నారు, కాబట్టి మీ పరిస్థితి అది కాకపోవచ్చు. అయినా చివరి పనిదినం లోపే, మీ పేరున ఎస్‌హెచ్-6లో ఎన్ని నమోదయ్యాయో మెయిల్‌లో రాసి పంపమని అడగండి. మానేశాక ఆ మెయిల్‌కి జవాబు రావడం కష్టం.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. ఫిబ్రవరి 10 దాకా ఉంటే ఇంకో 150 వెస్ట్ అయి 1,800 అవుతాయి. చివరి తేదీని పది రోజులు వాయిదా వేయమని మరొకరికైతే సలహా ఇచ్చేవాడిని. మీకు ఇవ్వను. ఆ 150 కొంటే మీ ఆదాయం 12 లక్షల గీత దాటుతుంది. 1,800 మొత్తం కొంటే పన్ను వర్తించే ఆదాయం వడ్డీ కలపకుండానే 12,75,000 అవుతుంది, దాని మీద సెస్‌తో కలిపి 74,100 కట్టాలి. షేర్ల ధర 15,000 అదనం. 150 షేర్లకు దాదాపు 89 వేలు, అంటే ఒక్కోటి ఆరు వందలకు దగ్గరగా పడుతుంది. మిగతావి వందకు వస్తుంటే ఇవి ఆ ధరకు ఎందుకు? నాన్నగారి దగ్గరికి అనుకున్న రోజే వెళ్లండి.

ఇప్పుడు అసలు కొనాలా వద్దా. ఈసాప్స్‌లో జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, అదీ ఎవరూ మోసం చేయకుండానే. 850 అన్నది మర్చంట్ బ్యాంకర్ కాగితం మీద వేసిన విలువ. ఆ ధరకు కొంటానని ఎవరూ ముందుకు రాలేదు. ప్రైవేటు కంపెనీ షేరును బయట అమ్ముకోవడానికి కంపెనీ నియమావళి అంత తేలిగ్గా ఒప్పుకోదు. బోర్డు అనుమతి కావాలి, చాలాచోట్ల ముందుగా ఉన్న వాటాదారులకే కొనే అవకాశం ఇవ్వాలి. కాబట్టి మీరు డబ్బు చేతిలో చూసేది మూడు సందర్భాల్లోనే: కంపెనీయే షేర్లు తిరిగి కొనడం, మొత్తం కంపెనీని ఇంకొకరు కొనడం, స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కావడం.

కంపెనీని ఇంకొకరు కొన్నా మీకు వస్తుందన్న గ్యారంటీ లేదు. పెట్టుబడిదారుల దగ్గర ఉండేవి మీలాంటి మామూలు షేర్లు కావు, ప్రిఫరెన్స్ షేర్లు. కంపెనీ అమ్ముడైతే ముందు వాళ్లు పెట్టిన డబ్బు వాళ్లు వెనక్కి తీసుకుంటారని ఒప్పందాల్లో ఉంటుంది. పెట్టుబడులు మొత్తం 200 కోట్లు వచ్చాయనుకోండి, కంపెనీ 180 కోట్లకు అమ్ముడైంది. పేపర్లో "180 కోట్ల డీల్" అని వస్తుంది. మామూలు షేర్లకు వచ్చేది సున్నా. అందుకని హెచ్‌ఆర్‌ని రెండు ప్రశ్నలు అడగండి. ఇప్పటివరకు మొత్తం ఎంత పెట్టుబడి వచ్చింది? గతంలో ఉద్యోగుల షేర్లను గానీ ఆప్షన్లను గానీ కంపెనీ ఎప్పుడైనా తిరిగి కొనిందా, ఏ ధరకు? రెండో ప్రశ్నకు "అవును" అని జవాబు వస్తే నాకు 850 మీద కొంత నమ్మకం కలుగుతుంది.

మార్చిలో కొని ఉంటే ఒక్కో షేరు మీకు 334 రూపాయలు పడేది, 100 ధర, 234 పన్ను. ఏప్రిల్‌లో 100 మాత్రమే. నన్ను అడిగితే 334కి వద్దనేవాడిని, 100కి కొనమంటాను. మార్చి దారిలో ఇంకో బాధ కూడా ఉంది. కట్టిన పన్ను తిరిగి రాదు. 850 అనుకున్న షేరు రేపు 50కి పడిపోయినా, జీతం కింద కట్టిన 31.2 శాతం పోయినట్టే. ఆ నష్టాన్ని క్యాపిటల్ లాస్‌గా చూపించి, ముందు ముందు వచ్చే క్యాపిటల్ గెయిన్స్‌తోనే సరిపెట్టుకోవాలి. ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు, కానీ జీతంలో తగ్గించుకోవడానికి వీల్లేదు. ఏప్రిల్ దారిలో అంతా పోయినా మీరు కోల్పోయేది 1,65,000. అది కూడా చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. నాన్నగారి వైద్యానికి ఆ ఏడు లక్షల్లో అయిదు కంటే ఎక్కువ కావాల్సి వస్తుందనిపిస్తే, సగమే కొనండి, లేదా అసలు కొనకండి. అప్పు చేసి మాత్రం వద్దే వద్దు. ఈసాప్స్ కోసం పర్సనల్ లోన్ తీసుకుని, కంపెనీ మూతపడ్డాక మూడేళ్లు ఈఎంఐ కట్టినవాళ్లు నాకు తెలుసు.

ఏప్రిల్ దారిలో ఇంకో మేలు ఉంది, చాలామంది దీన్ని గమనించరు. రేపు షేర్లు అమ్మినప్పుడు లాభం లెక్కగట్టేది మీరు కట్టిన 100 నుంచి కాదు, జీతంగా చూపించిన ఆ 850 నుంచి. రిబేటు వల్ల పన్ను సున్నా అయినా సరే, కొనుగోలు ధర 850గానే ఉంటుంది. అంటే 850కి అమ్మితే క్యాపిటల్ గెయిన్ ఏమీ లేదు. కేటాయించిన రోజు నుంచి 24 నెలలు దాటాక 1,500కి అమ్మితే మధ్య ఉన్న 650 మీద 12.5 శాతం, సెస్‌తో 13 శాతం. షేరుకి 84.50 రూపాయలు. 24 నెలలలోపు అమ్మితే మీ శ్లాబు ప్రకారం పడుతుంది.

పని ఎలా జరగాలో చెబుతాను. జనవరిలోనే డీమ్యాట్ ఖాతా తెరిచి పెట్టుకోండి, మరీ చిన్నవి కాని ప్రైవేటు కంపెనీలు ఇప్పుడు షేర్లను డీమ్యాట్‌లోనే ఇవ్వాలి. ఏప్రిల్ 1 తర్వాత, మొదటి వారంలోనే, ఎక్సర్‌సైజ్ ఫారం నింపి మెయిల్‌లో పంపి, డబ్బు కంపెనీ ఖాతాకు బ్యాంకు ద్వారానే పంపండి. ఫారం మార్చిలో, కేటాయింపు ఏప్రిల్‌లో అని ఎవరైనా తెలివి చెబితే వినకండి, రెండూ ఏప్రిల్‌లోనే జరగనివ్వండి. మే 1 వరకు గడువుంది కదా అని చివరి వారం దాకా కూడా ఆగకండి. ఫారంతో పాటు, 2026-27లో నాకు వేరే జీతం లేదు అని ఒక ఆదాయ అంచనా లేఖ ఇవ్వండి. టీడీఎస్ అంచనా ఆదాయం మీద కోయాలి కాబట్టి అది సున్నా రావాలి. పేరోల్ వాళ్లు అలవాటుగా 30 శాతం అడిగితే ఈ లెక్క చూపించండి. అయినా కోస్తే ఆ డబ్బు ఎక్కడికీ పోదు, రిటర్ను వేసి రిఫండ్ తీసుకోవచ్చు, కానీ ఏడాదికి పైగా ఇరుక్కుపోతుంది. కోసినది నిజంగా మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి. పన్ను సున్నా అయినా ఆ ఏడాది రిటర్ను వేయడం తప్పనిసరి.

తర్వాత బోర్డు షేర్లు కేటాయిస్తుంది. 30 రోజుల్లో కంపెనీ ఆ వివరాలు కంపెనీల రిజిస్ట్రార్‌కి PAS-3 అనే ఫారంలో పంపాలి. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఎంసీఏ వెబ్‌సైట్‌లో చిన్న ఫీజు కట్టి ఎవరైనా దాన్ని చూడవచ్చు, షేర్లు కేటాయించిన వాళ్ల జాబితా అందులోనే ఉంటుంది. జూన్‌లో ఒకసారి చూడండి. మీ పేరు, పక్కన 1,650 కనిపిస్తే ఆ షేర్లు మీవి అయినట్టే. రెండు నెలలు దాటినా డీమ్యాట్‌లో పడకపోతే రాతపూర్వకంగా అడగడం మొదలుపెట్టండి.

కంపెనీ నుంచి రెండు కాగితాలు తప్పకుండా తీసుకుని దాచుకోండి. ఒకటి మర్చంట్ బ్యాంకర్ రిపోర్టులో విలువ ఉన్న పేజీ, రెండోది ఈ 12,37,500ని జీతంగా చూపించిన టీడీఎస్ సర్టిఫికెట్, దానితో పాటు వచ్చే పర్క్విజిట్ల పత్రం, అంటే జీతం కాక కంపెనీ ఇచ్చిన ప్రయోజనాల వివరాలు. ఆరేడేళ్ల తర్వాత షేర్లు అమ్మిన రోజున, మీ కొనుగోలు ధర 100 కాదు 850 అని చూపించడానికి మీ దగ్గర ఉండే రుజువు ఆ రెండే.